గీత ఎక్కుతుండగానే ఆర్డర్ ఆపాలి: రెండేళ్ల అమ్మకాల స్క్రీన్‌షాట్ల నుంచి సీజన్ సరుకు లెక్క

నా దగ్గర ఉన్నవి రెండే బొమ్మలు. ఒక్కోటి ఒక్కో ఏడాదిది, నెలవారీ టేబుల్ ఫ్యాన్ల అమ్మకం. పాత బిల్లింగ్ యాప్ మానేశాం, చందా ఆగగానే అందులోని లెక్కలు తెరుచుకోవడం కూడా మానేశాయి. ఏడాది ముగిశాక ఎవరికో చూపించడానికి తీసిన స్క్రీన్‌షాట్లు మాత్రం ఫోన్లో మిగిలాయి. వాటిని ముందు పెట్టుకుని వచ్చే సీజన్‌కి ఎన్ని ఫ్యాన్లు తెప్పించాలో, ఎప్పుడు తెప్పించాలో తేల్చాలి.

మొదటి ఏడాది బొమ్మలో ఏప్రిల్ దగ్గర ఒక పెద్ద కొండ, అక్టోబరులో ఒక చిన్న మిట్ట కనిపిస్తాయి. రెండో ఏడాది బొమ్మలో మార్చిలో ఒక శిఖరం, మేలో ఇంకోటి, మధ్యలో ఏప్రిల్ కాస్త పల్లం. కంటితో చూసి చెప్పమంటే ఎవరైనా మూడు మాటలు చెప్తారు. పీక్ ఒక ఏడాది ఏప్రిల్లో వస్తే ఇంకో ఏడాది మార్చి, మేలలో వచ్చింది కాబట్టి నమ్మడానికి లేదు. అక్టోబరులో చిన్న సీజన్ ఒకటుంది. రెండో ఏడాది గిరాకీ మరీ ఎగుడుదిగుడుగా ఉంది. మూడూ తప్పే. ఎందుకు తప్పో తేలితే సరుకు లెక్కలో సగం పని అయిపోయినట్టే.

బొమ్మను అంకెలుగా మార్చడం

ముందు ఒక మాట. అసలు అంకెలు ఎక్కడైనా దొరికే అవకాశం ఉంటే ఈ తంటా వద్దు. జీఎస్టీ లాంటి పన్ను రిటర్నుల కోసం తీసిన షీట్లలోనో, ఆడిటర్ దగ్గరో, పాత ఈమెయిల్ అటాచ్‌మెంట్లలోనో నెలవారీ లెక్క ఉండొచ్చు. అక్కడ వెతికాకే బొమ్మను కొలవడానికి కూర్చోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. బొమ్మను పెయింట్ లాంటి ఏ ప్రోగ్రాంలో తెరిచినా మౌస్ ఎక్కడుందో కింద పిక్సెళ్లలో చూపిస్తుంది. నిలువు పిక్సెళ్ల లెక్క పైనుంచి కిందికి పెరుగుతుంది, అది మరిచిపోతే అంతా తలకిందులవుతుంది. చార్ట్‌లో విలువ రాసి ఉన్న రెండు అడ్డగీతలు తీసుకోవాలి. నా మొదటి బొమ్మలో సున్నా గీత 540వ పిక్సెల్ దగ్గర, 600 గీత 140వ పిక్సెల్ దగ్గర ఉన్నాయి. అంటే 400 పిక్సెళ్లకు 600 ఫ్యాన్లు, ఒక్కో పిక్సెల్‌కి ఒకటిన్నర. ఏప్రిల్ కడ్డీ కొస 169 దగ్గర ఉంది. 540లోంచి 169 తీసేస్తే 371, దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే దాదాపు 556. చెయ్యి ఒకటి రెండు పిక్సెళ్లు తప్పినా తేడా మూడు ఫ్యాన్లే, సరుకు లెక్కకు అదేమీ కాదు. ఇదే పని చేసే WebPlotDigitizer అనే సాధనం ఉంది గానీ, 24 బిందువులకు స్ప్రెడ్‌షీట్ చాలు. పిక్సెల్ B2 గడిలో ఉందనుకుంటే ఫార్ములా ఇది:

```
=(540-B2)*600/(540-140)
```

రెండో బొమ్మతో ఒక చిక్కుంది. అది కడ్డీల చార్ట్ కాదు, గీత చార్ట్. చాలా యాప్‌లు గీత చార్ట్‌ని సున్నా నుంచి మొదలుపెట్టవు, ఉన్న అంకెలకు దగ్గరగా అడుగుని పైకి లాగేస్తాయి. నా బొమ్మలో అడుగు గీత 100, పై గీత 600. కంటికి జనవరి బిందువు అడుగు నుంచి 32 పిక్సెళ్ల ఎత్తులో ఉంది, మార్చి బిందువు 320 పిక్సెళ్ల ఎత్తులో. చూసినవాళ్లు మార్చిలో పదింతలు అమ్మారంటారు. లెక్క కడితే జనవరి 140, మార్చి 500. అంటే మూడున్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. సీజన్ అసలు ఉన్నదానికన్నా నిటారుగా కనిపించడానికి ఇదే పెద్ద కారణం. ఇక్కడ ఫార్ములాకి అడుగుని కలపాలి:

```
=100+(540-B2)*(600-100)/(540-140)
```

రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా ఇందుకే పనికిరాదు. ప్రతి బొమ్మ తన కొలబద్ద తానే ఎంచుకుంటుంది. కొలిచేముందు నిలువు గీత మీద రాసినది ఏమిటో కూడా చూసుకోవాలి. అవి డబ్బు అంకెలైతే ధర పెరిగినా గీత పెరుగుతుంది, అందుకే వీలైతే సగటు ధరతో భాగించి సంఖ్యలోకి తెచ్చుకోవాలి. స్క్రీన్‌షాట్ ఏ తేదీన తీశారో కూడా ముఖ్యమే. డిసెంబరు 20న తీసిన బొమ్మలో డిసెంబరు కడ్డీ పొట్టిగా ఉంటే గిరాకీ పడిపోయినట్టు కాదు, నెల ఇంకా ముగియలేదన్నమాట. నావి రెండూ జనవరి మొదటి వారంలో తీసినవే, బతికిపోయాను.

కొలిచాక వచ్చిన అంకెలివి:

| నెల | మొదటి ఏడాది | రెండో ఏడాది |
|---|---|---|
| జనవరి | 120 | 140 |
| ఫిబ్రవరి | 180 | 210 |
| మార్చి | 400 | 500 |
| ఏప్రిల్ | 556 | 430 |
| మే | 430 | 520 |
| జూన్ | 220 | 270 |
| జులై | 160 | 190 |
| ఆగస్టు | 140 | 170 |
| సెప్టెంబరు | 130 | 160 |
| అక్టోబరు | 264 | 170 |
| నవంబరు | 110 | 130 |
| డిసెంబరు | 110 | 130 |

మొత్తాలు 2820, 3020. చార్ట్ మూలన ఏడాది మొత్తం రాసి ఉంటే దాంతో సరిచూసుకోవాలి. పది పదిహేను తేడా కొలతలో వచ్చేదే. వందల్లో తేడా వస్తే మాత్రం అడ్డగీతను తప్పు చదివినట్టే.

అమ్మకం వేరు, గిరాకీ వేరు

చార్ట్ చూపించేది అమ్మినది. అడిగినవాళ్లు ఎంతమందో దానికి తెలియదు. అరలో సరుకు లేని రోజున అమ్మకం సున్నా, గిరాకీ మాత్రం సున్నా కాదు.

రెండో ఏడాది ఏప్రిల్ పల్లం కథ ఇదే. బొమ్మ ఈ సంగతి చెప్పదు, కొనుగోలు ఇన్వాయిస్‌లు, స్టాక్ రిజిస్టర్ చెప్తాయి. వాటిని తీసి చూస్తే ఏప్రిల్ 18 సాయంత్రానికి ఆఖరి ఫ్యాన్ వెళ్లిపోయింది, కొత్త సరుకు 29 ఉదయం దిగింది. పది రోజులు అరలు ఖాళీ. ఆ 430 అమ్మింది 20 రోజుల్లోనే, అంటే రోజుకు 21.5. సరుకు ఉండి ఉంటే 30 రోజులకు 645 దాకా పోయేది. కంటికి పల్లంలా కనిపించిన నెలే నిజానికి ఏడాది మొత్తంలో పెద్ద నెల.

ఈ 645ని మరీ గట్టిగా పట్టుకోకూడదు. ఏప్రిల్లో దొరక్క వెళ్లిపోయినవాళ్లలో కొందరు మే మొదటి వారంలో తిరిగొచ్చి కొని ఉంటారు, వాళ్లు మే 520లో ఇప్పటికే ఉన్నారు. అందుకని నిజం 645కి కొంచెం కిందే ఉండొచ్చు. అయినా 430 కన్నా 645 నిజానికి చాలా దగ్గర, అదే వాడతాను.

ఇలాంటి ఖాళీ రోజుల్ని వెతకడానికి ఇంకో ఆనవాలు ఉంది. పెద్ద నెలల మధ్య ఒక నెల ఉన్నట్టుండి తగ్గితే, లేదా రెండు మూడు నెలలు ఒకే ఎత్తులో బల్లపరుపుగా ఉంటే, గిరాకీ ఆగిందా సరుకు ఆగిందా అని అనుమానించాలి. గిరాకీ తగ్గేటప్పుడు మెల్లగా జారుతుంది. సరుకు అయిపోయినప్పుడు కత్తితో కోసినట్టు ఆగుతుంది. నెలవారీ బొమ్మలో ఆ కోత కనపడదు, రోజువారీ బిల్లులు తిరగేస్తే కనపడుతుంది.

అక్టోబరు మిట్టది దీనికి సరిగ్గా ఎదురు కథ. మొదటి ఏడాది అక్టోబరు 264లో ఒక్క బిల్లే 120 ఫ్యాన్లది. ఒక వసతి గృహం వాళ్లు ఒకేసారి తీసుకెళ్లారు, మళ్లీ రాలేదు. దాన్ని తీసేస్తే మిగిలేది 144, చుట్టుపక్కల నెలల వరసలోనే ఉంటుంది. అలాంటి బిల్లు సీజన్ కాదు, అదృష్టం. దాన్ని నమ్మి ఏటా అక్టోబరుకి వంద ఫ్యాన్లు ఎక్కువ తెప్పిస్తే వేసవి దాకా గోడౌన్‌లో వాటికి దుమ్ము దులుపుతూ కూర్చోవాలి.

ఈ రెండు సవరణలతో మొదటి ఏడాది మొత్తం 2700, నెల సగటు 225. రెండో ఏడాది మొత్తం 3235, నెల సగటు దాదాపు 270.

సీజన్ అని ఎప్పుడు అనాలి

ఇక ప్రతి నెలనీ ఆ ఏడాది సగటుతో భాగిస్తే చాలు. C2 నుంచి C13 వరకు సవరించిన అంకెలుంటే:

```
=C2/AVERAGE(C$2:C$13)
```

వచ్చిన అంకె 1 అంటే ఆ నెల సగటు నెల. 2 అంటే సగటుకు రెట్టింపు. రెండో ఏడాది వ్యాపారం పెరిగినా ఈ నిష్పత్తులకు పెద్దగా ఏమీ కాదు, ఎందుకంటే ప్రతి ఏడాదినీ దాని సగటుతోనే కొలుస్తున్నాం. సవరించక ముందు ఏప్రిల్ మొదటి ఏడాది 2.37, రెండో ఏడాది 1.71 వచ్చింది, అక్కడ ఏమీ తేలలేదు. సవరించాక 2.47, 2.39 వచ్చాయి. మార్చి 1.78, 1.85. మే 1.91, 1.93. అక్టోబరు 0.64, 0.63. రెండు బొమ్మలూ ఒకే మాట చెప్తున్నాయి. సీజన్ మార్చి నుంచి మే వరకు, కొస ఏప్రిల్లో, అక్టోబరులో ఏమీ లేదు.

ఇంత చక్కగా అన్నిసార్లూ కలవదు. రెండేళ్ల నిష్పత్తుల మధ్య పది పదిహేను శాతం తేడా ఉన్నా నేను ఒప్పుకుంటాను. ఒక ఏడాది 1.9, ఇంకో ఏడాది 1.1 అయితే మాత్రం దాన్ని సగటు చేసి 1.5 అని రాసుకోవడం మోసం, నన్ను నేను చేసుకునే మోసం. ముందు తేడాకి కారణం వెతకాలి, దొరక్కపోతే ఆ నెలను మామూలు నెలగానే చూడాలి.

ఇక్కడ గణాంకశాస్త్రం తెలిసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. పుస్తకాల్లో చెప్పే పద్ధతి ప్రతి నెలకీ దాని చుట్టూ ఉన్న 12 నెలల సగటు, అంటే చలన సగటు తీసి, దాంతో ఆ నెలని భాగించడం కదా, అది ఎందుకు వద్దు? వద్దని కాదు, మన దగ్గర అందుకు సరిపడా నెలలు లేవు. ఆ సగటు సరిగ్గా నెల మధ్యకు రావాలంటే ముందు ఆరు నెలలు, వెనక ఆరు నెలలు కావాలి. 24 నెలల్లో మొదటి ఆరు, చివరి ఆరు పోతే మిగిలేది 12. అంటే ఒక్కో నెలకి ఒక్కో నిష్పత్తే దొరుకుతుంది, పోల్చి చూడటానికి రెండోది ఉండదు. పోల్చి చూడటమే మన ఆయుధం, దాన్ని పారేసుకోలేం. ఏడాది సగటుతో భాగిస్తే వచ్చే నష్టం తక్కువే. వ్యాపారం ఏటా 20 శాతం పెరుగుతుంటే ఏడాది మొదట్లోని నెలలు కాస్త తక్కువగా, చివరి నెలలు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. ఏప్రిల్‌కి ఆ వంకర నాలుగు శాతం లోపు. పీక్ డిసెంబరులో ఉంటే ఎనిమిది తొమ్మిది శాతం దాకా పోతుంది, అప్పుడు పట్టించుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది, ఇది బాగా చదువుకున్నవాళ్లను కూడా పట్టేస్తుంది. ఎండలు ఒక ఏడాది ముందొచ్చి, ఇంకో ఏడాది ఆలస్యమయ్యాయనుకుందాం. లేదా అమ్మకం ఏటా తేదీ మారే సెలవుల మీద ఆధారపడి ఉందనుకుందాం. మొదటి ఏడాది ఏప్రిల్ 2.4, మే 1.6. రెండో ఏడాది తిరగబడి ఏప్రిల్ 1.6, మే 2.4. సగటు తీస్తే రెండు నెలలూ 2.0. అలాంటి ఏడాది ఎప్పుడూ రాలేదు, రాబోదు కూడా. సగటు శిఖరాన్ని కొట్టేసి బల్ల చేసింది. అలాంటి చోట నెలను వదిలేసి సీజన్ మొత్తాన్ని చూడాలి. సరుకు ఎంత కావాలన్నది సీజన్ మొత్తాన్ని బట్టి, ఎప్పుడు దిగాలన్నది రెండేళ్లలో ముందు మొదలైన ఏడాదిని బట్టి తేల్చుకోవాలి. మా ఫ్యాన్లలో మార్చి, ఏప్రిల్, మే కలిపి మొదటి ఏడాది మొత్తంలో 51.3 శాతం, రెండో ఏడాది 51.5 శాతం. నెలల కన్నా ఈ అంకె మీద నాకు నమ్మకం ఎక్కువ. ఏడాది సరుకులో సగానికి పైగా మూడు నెలల్లోనే పోతుంది.

కారణం తెలిసిన పీక్‌నే నమ్మాలన్నది నా సొంత నియమం. రెండేళ్లంటే ఒక్కో నెలకి రెండు సాక్ష్యాలే. రెండు సాక్ష్యాలు కాకతాళీయంగానూ కలుస్తాయి. ఫ్యాన్లకి ఎండ అనే కారణం ఉంది, అది మూడో సాక్షి. ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేని నెలకి, రెండేళ్లూ పెరిగినా సరే, నేను సరుకు కొద్దిగానే పెంచుతాను.

కొనుగోలు క్యాలెండర్ వెనక్కి నడుస్తుంది

ఏప్రిల్లో పీక్ ఉందని తెలిస్తే ఏప్రిల్లో ఏం చేయాలి? కొనుగోలు చేసేవాడికి ఏప్రిల్లో పెద్ద పనేమీ ఉండకూడదు. ఆర్డర్ పెట్టిన రోజు నుంచి సరుకు అరలోకి వచ్చేదాకా పట్టే రోజులన్నీ వెనక్కి లెక్కపెట్టుకోవాలి. మా సప్లయర్ 35 రోజులు అంటాడు. ఇన్వాయిస్‌లు తిరగేస్తే మామూలుగా 35 రోజులే పడుతోంది, కానీ రెండో ఏడాది మార్చి 17న పెట్టిన ఆర్డర్‌కి 43 రోజులు పట్టింది. ఏప్రిల్ 29న దిగిన సరుకు అదే. చెప్పిన రోజుకి, అంటే 21 ఉదయానికి వచ్చినా రెండు రోజులే ఖాళీ ఉండేది. సీజన్లో అందరూ ఒకేసారి అడుగుతారు కాబట్టి ఆలస్యం కూడా సీజన్లోనే వస్తుంది. ఏడాది సగటు ఆలస్యం ఎంతో చూసుకుని ఊరుకుంటే దెబ్బ తింటాం, పీక్‌కి ముందు పెట్టిన ఆర్డర్లనే విడిగా చూడాలి.

ఇప్పుడు మూడో ఏడాదికి అంచనా. పెరుగుదల 20 శాతం కనిపించింది, కానీ అది ఒక్క అడుగు, ఒక్క అడుగుని చూసి పరుగని అనలేం. దాంట్లో సగం కాస్త మించి తీసుకుని నెల సగటు 300 అనుకున్నాను. దాన్ని రెండేళ్ల నిష్పత్తుల సగటుతో గుణిస్తే మార్చికి 545, ఏప్రిల్‌కి 730, మేకి 575 వస్తాయి. మూడు నెలలకు 1850.

ఈ 1850 ఒకేసారి తెప్పించకూడదు. రెండేళ్ల లెక్క మీద కట్టిన అంచనా తప్పడానికి చాలా చోటుంది, తప్పుతోందని మార్చి మొదట్లోనే కొంత తెలిసిపోతుంది. అందుకే ఆర్డర్‌ని రెండుగా విడగొట్టాను. రెండోది మార్చి మొదటి పది రోజుల అమ్మకం చూశాకే పెట్టాలి.

రెండో ఆర్డర్ మార్చి 11న పెడితే ఏప్రిల్ 15న దిగుతుంది. కాబట్టి మొదటి ఆర్డర్ అప్పటిదాకా లాక్కురావాలి. అది ఫిబ్రవరి 22కల్లా అరలో ఉండాలని పెట్టుకున్నాను, అంటే జనవరి 18న ఆర్డర్ వెళ్లాలి. ఫిబ్రవరి ఆఖరి వారానికి 60, మార్చికి 545, ఏప్రిల్ మొదటి సగానికి 365. మొత్తం 970. దీనిపైన రెండో ఆర్డర్ ఆలస్యమైతే ఆదుకోవడానికి కొంత. ఎంత అన్నది ఊహించక్కర్లేదు. మనం చూసిన గరిష్ఠ ఆలస్యం 8 రోజులు, ఏప్రిల్లో రోజుకి 24 చొప్పున పోతాయి, దాదాపు 195. అన్నీ కలిపితే 1165. ఫిబ్రవరి 22 నాటికి పాత సరుకు 85 మిగులుతుందని అంచనా, అది తీసేస్తే 1080. పెట్టెకి 12 చొప్పున సరిగ్గా 90 పెట్టెలు.

జనవరిలో 90 పెట్టెల ఆర్డర్ పెడుతుంటే చెయ్యి వణుకుతుంది, నిజమే. ఆ నెల మొత్తానికి అమ్మేది దాదాపు 160 ఫ్యాన్లు, ఆర్డర్ వెయ్యి పైన. గత నెల అమ్మకాన్ని చూసి వచ్చే నెల ఆర్డర్ రాసే అలవాటున్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, ఏప్రిల్ 18న అరలు ఖాళీ అయ్యేది ఆ అలవాటు వల్లే.

మార్చి పది రోజులు

రెండో ఆర్డర్‌కి ఆధారం 940. ఏప్రిల్ రెండో సగం 365, మే 575. దీన్ని మార్చి మొదటి పది రోజులతో సరిచేయాలి. మార్చిలో ఎండ రోజురోజుకీ పెరుగుతుంది కాబట్టి పది రోజుల్లో మూడో వంతు పోతుందనుకోకూడదు. నెలవారీ బొమ్మ ఇది చెప్పలేదు, పాత బిల్లు పుస్తకాలే చెప్పాలి. మా బిల్లుల్లో మార్చి మొదటి పది రోజులకు ఒక ఏడాది నెలలో 27 శాతం, ఇంకో ఏడాది 28 శాతం పోయాయి. 545లో ఆ వాటా దాదాపు 150.

పదో తేదీ రాత్రికి 150 పోతే అనుకున్నట్టే 940 ఆర్డర్ పెట్టాలి. 180 పోయాయనుకుందాం. అంచనా కన్నా 20 శాతం ఎక్కువ. మొత్తం సీజన్‌ని 20 శాతం పెంచేయాలని అనిపిస్తుంది గానీ, పది రోజులు ఒక ముందస్తు వడగాలి వల్ల కూడా పెరగొచ్చు. నేను సగమే నమ్ముతాను, అంటే 10 శాతం. 940 కాస్తా 1034 అవుతుంది. ఇంకొకటి ఉంది. మొదటి ఆర్డర్‌లో మార్చికి, ఏప్రిల్ సగానికి పెట్టుకున్న 910 కూడా పది శాతం ఎక్కువ ఖర్చవుతాయి, ఆ 91 ఆలస్యం కోసం దాచుకున్న సరుకులోంచే పోతాయి. వాటినీ తిరిగి నింపాలి. మొత్తం 1125, పెట్టెల్లో 94. అటు కాకుండా పదో తేదీకి 120యే పోతే లెక్క తిరగబడుతుంది. 940లో పది శాతం తగ్గించి, మొదటి ఆర్డర్‌లో మిగిలిపోయే 91 కూడా తీసేస్తే 755, అంటే 63 పెట్టెలు. పది రోజుల్లో 60 ఫ్యాన్ల తేడా ఆర్డర్‌లో 31 పెట్టెల తేడా అయింది. అందుకే ఆ పది రోజుల బిల్లులు నేను స్వయంగా లెక్కపెట్టుకుంటాను, ఎవరి మీదా వదలను.

ఈ సగం నమ్మకం అన్న లెక్క ఫ్యాన్లకు సరిపోతుంది, ఎందుకంటే మిగిలినా పాడైపోవు, జూన్, జులైల్లో నెమ్మదిగా పోతాయి. గడువు తేదీ ఉన్న సరుకైతే, ఫ్యాషన్ మారిపోయే సరుకైతే తక్కువ వైపు ఒరగాలి. అమ్మకం పోతే పోయే లాభం ఎంత, మిగిలితే తగిలే నష్టం ఎంత అని ఒక్కో వస్తువుకి రాసుకుంటే ఎటు ఒరగాలో అదే చెప్తుంది.

ఎప్పుడు ఆపాలి

అన్నిటికన్నా కష్టమైనది ఇది. సీజన్ సరుకు మే 10 లోపు దిగకపోతే దాన్ని అమ్మడానికి మిగిలేది మూడు వారాలే. 35 రోజులు వెనక్కి వెళ్తే ఏప్రిల్ 5. అంటే సీజన్ కోసం పెట్టే ఆఖరి ఆర్డర్ తేదీ ఏప్రిల్ 5, ఆ తర్వాత పెట్టేవన్నీ జూన్ గిరాకీని చూసి పెట్టేవే. ఏప్రిల్ 5న కొట్లో నిలబడి చూస్తే ఏడాదిలోనే ఎక్కువ జనం అప్పుడే ఉంటారు, గీత ఇంకా పైకే పోతుంటుంది, సప్లయర్ ఫోన్ చేసి ఇప్పుడే చెప్తే సరుకు పక్కన పెడతానంటాడు. అప్పుడు వద్దనాలి.

రెండో ఏడాది నేను వద్దనలేదు. ఏప్రిల్లో పది రోజులు ఖాళీ అరలు చూసిన కసితో మే 5న 600 ఆర్డర్ పెట్టాను. జూన్ 9న దిగాయి. రెండో ఏడాది అంకెల్లో జూన్ మిగిలిన మూడు వారాలు, జులై, ఆగస్టు కలిపితే 550. ఆ 600 కరగడానికి సెప్టెంబరు వచ్చింది. అన్నాళ్లూ ఆ డబ్బు ఇంకే సరుకులోకీ తిరగలేదు. ఆ ఏడాది స్క్రీన్‌షాట్‌లో ఈ తప్పు ఎక్కడా కనిపించదు, జులై 190, ఆగస్టు 170 అని నిండుగా అమ్మినట్టే ఉంటుంది.

ఈసారి లెక్క అనుకున్నట్టే నడిస్తే మే 31 రాత్రికి ఆలస్యం కోసం పెట్టుకున్న 195 మిగలాలి. జూన్‌లో రోజుకి పది చొప్పున అవి ఇరవై రోజులు వస్తాయి, మిగతా పది రోజులకు మే మధ్యలో తొమ్మిది పెట్టెలు చెప్తే చాలు. క్యాలెండర్‌లో నాలుగు తేదీలకు గుర్తు పెట్టుకున్నాను. జనవరి 18, మార్చి 11, ఏప్రిల్ 5, మే 15. ఏప్రిల్ 5 పక్కన ఎర్ర ఇంకుతో “ఫోన్ ఎత్తొద్దు” అని రాసుకున్నాను.